పాయింట్లు వద్దు, కొసరు పెట్టండి

ఈ మధ్య మా అచ్చంపేటలో పావుకిలో కారప్పూస కొన్నా ఫోన్ నంబరు అడుగుతున్నారు. "నంబర్ చెప్పక్కా, పాయింట్లు పడ్తయి" అంటారు. చెప్పకపోతే వింతగా చూస్తారు, వెనక నిలబడ్డవాళ్లు "చెప్పరాదూ, పోయేదేముంది" అని తొందరపెడతారు. పోయేదేముందో లెక్క తేల్చుకుందామనే ఇది రాస్తున్నాను. పాయింట్లు, రెఫరల్ కోడ్లు, మళ్లీ కొంటే తగ్గింపు అనే ఈ మూడూ పెద్ద పెద్ద కంపెనీల దగ్గర పుట్టి, ఇప్పుడు మా వీధి కిరాణం దుకాణం దాకా, పిండివంటలు చేసి అమ్ముకునే అక్క దాకా వచ్చాయి. వీటివల్ల కొనేవాళ్లకు ఒరిగేది లేదు, అమ్ముకునే చిన్నవాళ్లకు అసలే లేదు అన్నది నా మాట. కాదనేవాళ్లు కాగితం, పెన్ను పట్టుకుని కూర్చోండి.

ముందు కొనేవాళ్ల వైపు చూద్దాం. మా దగ్గర ఒక దుకాణంలో పెట్టిన నియమాలు ఇవి. దుకాణం పేరు ఎందుకులెండి, అన్నిచోట్లా ఇంచుమించు ఇదే వరస. వంద రూపాయలు కొంటే ఒక పాయింటు. పాయింటుకు ఒక రూపాయి. వంద పాయింట్లు కూడితేనే వాడుకోవాలి. పడిన పాయింటు తొంభై రోజుల్లో వాడకపోతే అదే పోతుంది. వినడానికి బాగానే ఉంది. రూపాయికి రూపాయి, ఎవరికి చేదు?

మా పక్కింటి వదిన ఆ దుకాణంలో నెలకు 2,500 రూపాయల సరుకులు కొంటుంది. అంటే నెలకు 25 పాయింట్లు. మూడు నెలలకు 75. నాలుగో నెల సరుకులకు ఇంకో 25 పడేసరికి వంద కావాలి కదా? కాదు. అప్పటికి మొదటి నెల పాతిక గడువు తీరి పోయాయి. అంటే మళ్లీ 75. ఐదో నెలా 75, ఆరో నెలా 75. ఆమె పదేళ్లు ఆ దుకాణానికే పోయినా డెబ్బై ఐదు దగ్గరే ఆగిపోతుంది, చిల్లి కుండలో నీళ్లు పోసినట్టు. వదిన ఏమో "ఇంకో పాతికే తక్కువ ఉన్నయి" అని, దగ్గరలో ఉన్న పాత షావుకారు దుకాణం వదిలిపెట్టి ఎండలో అంత దూరం పోతోంది. ఆ పాతిక తక్కువ ఎప్పటికీ తీరని తక్కువ. వంద, తొంభై అనే రెండు అంకెలు ఊరికే పెట్టినవి కావు. నెలకు రెండు మూడు వేలు కొనే ఇల్లు అందుకోలేని చోట గీత గీశారు.

సంక్రాంతి నెలలో ఆమె ఐదు వేల సరుకులు కొంటే గీత దాటుతుంది, నిజమే. అప్పుడు వచ్చేది ఎంత? పదివేలు కొన్నందుకు వంద రూపాయలు. నూటికి ఒక్క రూపాయి. అదే దుకాణంలో కందిపప్పు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువ. ఆమె ఇంట్లో నెలకు ఐదు కిలోల పప్పు పోతుంది. ఒక్క పప్పు మీదే నెలకు ఇరవై రూపాయలు ఎక్కువ కడుతూ, చేతికి రాని పాతిక పాయింట్ల కోసం చూస్తోంది. ధర పోల్చుకునే తీరిక లేకుండా మన చూపును ఇంకో అంకె మీదికి తిప్పడమే పాయింటు చేసే పని. ఫలానా చోట పప్పు ఎంతకిస్తున్నారని అడిగే మనం ఇప్పుడు "నీకెన్ని పాయింట్లున్నయి" అని అడుగుతున్నాం.

ఇది కొత్త విద్యేం కాదు. 1896లో అమెరికాలో స్పెర్రీ, హచిన్సన్ అనే ఇద్దరు కలిసి ఆకుపచ్చ స్టాంపుల వ్యాపారం మొదలుపెట్టారు. దుకాణాలు వాళ్ల దగ్గర ఆ స్టాంపులను డబ్బిచ్చి కొని, సరుకు కొన్నవాళ్లకు పంచేవి. ఇల్లాళ్లు వాటిని పుస్తకంలో అతికించి, పుస్తకాలు నిండాక గిన్నెలో, దీపాలో తెచ్చుకునేవాళ్లు. స్టాంపులు కొన్న డబ్బు దుకాణదారు ఎక్కడినుంచి తెస్తాడు? సరుకు ధరలోంచే కదా. అటువైపు చూస్తే, మన దేశంలో బాగా నడుస్తున్న డీమార్ట్‌కు పాయింట్లూ లేవు, కార్డులూ లేవు. ధర తగ్గించి అమ్ముతారు, జనం వాళ్లంతట వాళ్లే పోతారు. అంత పెద్దవాళ్లే వద్దనుకున్నదాన్ని మా ఊళ్లో రెండు గదుల దుకాణం నెత్తికెత్తుకోవడం నాకు విడ్డూరంగా ఉంది.

ఇంకో సంగతి. పాయింటు అంటే అసలేమిటి? దుకాణదారు మనకు బాకీ ఉన్న సొమ్ము. మనం ముందు డబ్బు కట్టేశాం, అందులో కొంత తర్వాత ఇస్తానన్నాడు. అంటే మనం అతనికి ఉద్దెర ఇచ్చినట్టు. వడ్డీ లేదు, చేతిలో కాగితం లేదు, పైగా తొంభై రోజులు దాటితే ఆ బాకీ దానంతటదే మాఫీ. మనం ఉద్దెర తెచ్చుకుంటే ఇలా మాఫీ అవుతుందా? మా ఊళ్లో పల్లి పంట మార్కెట్ యార్డుకు చేరి డబ్బు చేతికొచ్చేదాకా ఎన్ని ఇళ్లు షావుకారు ఖాతా మీద బతికాయో నాకు తెలుసు. ఆ ఎర్ర అట్ట పుస్తకంలో రాసిన బాకీ ఏడాది తర్వాతైనా నిలబడే ఉండేది. దుకాణదారు పుస్తకంలో మన బాకీకి ఉన్న నిలకడ, మన ఫోన్‌లో అతని బాకీకి ఎందుకు ఉండకూడదు?

ఆ పాత షావుకార్లు దేవుళ్లని నేననను. తూకంలో మోసం చేసినవాళ్లూ ఉన్నారు, ఉద్దెర మీద ధర పెంచినవాళ్లూ ఉన్నారు. కానీ మాటకు వస్తే, మేం "వాడుక" అని ఒక మాట అంటాం. పాలు వాడుక పోస్తారు, పూలు వాడుక ఇస్తారు. వాడుక ఇల్లు అంటే రోజూ వచ్చే ఇల్లు, పండగనాడు ఒక చెంబు పాలు ఎక్కువ పోయాల్సిన ఇల్లు, చావుబతుకుల్లో డబ్బు అడగకుండా సరుకు పంపాల్సిన ఇల్లు. అది రెండు వైపులా ఉన్న కట్టుబాటు. ఇప్పుడు దాన్ని లాయల్టీ అంటున్నారు. తెలుగులో విశ్వాసం అనాలేమో. మన భాషలో ఆ మాట ఎక్కువగా కుక్కను గురించి వాడతామని మాత్రం గుర్తుచేస్తున్నాను. చదివింది తెలుగు బీఏ కాబట్టి ఇలాంటివి తోస్తుంటాయి, ఏమనుకోకండి.

ఇక అమ్మేవాళ్ల వైపు. ఇదే నాకు ఎక్కువ బాధ కలిగించే భాగం. మా వీధి చివర ఒకామె సకినాలు, మురుకులు, గరిజెలు, పల్లి పట్టీలు చేసి అమ్ముతుంది. ఇద్దరు ఆడవాళ్లు సాయం వస్తారు. సకినం అంటే తెలుసు కదా, తడిపిన బియ్యం పిండిలో నువ్వులు, వాము కలిపి, బట్ట మీద వేళ్లతో మెలిపెడుతూ ఒక్కొక్కటీ చుట్టాలి. మిషన్లో ఒత్తితే అది సకినం కాదు. ఆమె దగ్గరికి ఒక కుర్రాడు వచ్చి యాప్ పెట్టించుకోమన్నాడు, నెలకు ఇంత అని కట్టాలట. దానితోపాటు "కిలో కొంటే పావుకిలో ఉచితం అని బోర్డు పెట్టండి ఆంటీ, గిరాకీ ఆగదు" అని సలహా ఇచ్చాడు. ఆమె నన్ను పిలిచి, "వదినా, నువ్వు సదువుకున్నదానివి, జర లెక్క చూడు" అంది. చూశాం.

సకినాలు కిలో 400 రూపాయలకు అమ్ముతుంది. బియ్యం, నువ్వులు, నూనె, గ్యాసు, కవర్లు, ఇద్దరి కూలి అన్నీ కలిపి కిలోకు 300 అవుతుంది. మిగిలేది వంద. పావుకిలో ఉచితంగా ఇస్తే, ఆ పావుకిలో చేయడానికి ఆమెకు అయ్యేది 75 రూపాయలు. అంటే వందలో 75 పోయి, మిగిలేది పాతిక. ఇంతకుముందు నెలకు నలభై కిలోలు అమ్మితే నాలుగు వేలు మిగిలేవి. ఇప్పుడు ఆ నాలుగు వేలే మిగలాలంటే నూట అరవై కిలోలు అమ్మాలి. దానికితోడు ప్రతి కిలో వెనకా పావుకిలో చొప్పున ఇంకో నలభై కిలోలు ఊరికే చేసివ్వాలి. మొత్తం రెండు వందల కిలోలు. నలభై కిలోలకే వేళ్లు వాచిపోతున్న ముగ్గురు ఆడవాళ్లు రెండు వందల కిలోలు చుట్టాలి, అదే డబ్బుకు. ఆ కుర్రాడికి ఇది తెలియదు. తెలిసినా అతనికి పట్టదు, అతని నెల రుసుము అతనికి వస్తుంది.

కొనేవాళ్లకైనా చెప్పినంత వచ్చిందా అంటే, కిలోకు పావు అంటే నూటికి పాతిక తగ్గిందని అనుకుంటాం. కిలోంపావు సరుకుకు కిలో డబ్బు కట్టాం, అంటే నూటికి ఇరవై. "ఇప్పుడు 500 కొనండి, వచ్చేసారి 500 మీద 50 తగ్గింపు" అన్న చీటీ కూడా అంతే. పదో వంతు అనిపిస్తుంది. వెయ్యి సరుకుకు 950 కట్టాం, నూటికి ఐదే. అదీ రెండోసారి గడువులోపల పోయి, ఇంట్లో సకినాలు ఇంకా ఉన్నా మళ్లీ ఐదు వందలవి కొంటేనే. ఎక్కువ తెచ్చుకుని మెత్తబడిపోయి పారేసిన పిండివంటల ఖర్చు ఏ చీటీ మీదా రాసి ఉండదు.

ఇంకొక విషయం ఆ కుర్రాడు ఆలోచించలేదు. ఆమె సరుకులో చాలా భాగం కొనేది మేం కాదు. హాజీపూర్ చౌరస్తా మీదుగా శ్రీశైలం పోయేవాళ్లు, ఉమామహేశ్వరం దర్శనానికి వచ్చేవాళ్లు. వాళ్లు ఏడాదికి ఒకసారి వస్తారు, మళ్లీ వస్తారో రారో. వాళ్లకు తొంభై రోజుల పాయింట్లు ఇచ్చి ఏం లాభం? ఆ ఇచ్చిన చీటీ కారులోనే ఉండిపోతుంది. వాళ్ల కోసం చేయాల్సింది ఒక్కటే, కవరు మీద ఆమె పేరు, ఫోన్ నంబరు, చేసిన తేదీ స్పష్టంగా ఉండాలి. రుచి నచ్చితే వాళ్లే ఫోన్ చేస్తారు. కొనేవాళ్ల దగ్గర అమ్మేవాళ్ల నంబరు ఉంటే చాలు, ఎదురు అవసరం లేదు.

మరి రోజూ కొనే మాలాంటి వాళ్లకు ఏమీ ఇవ్వొద్దా? ఇవ్వాలి. అప్పుడే అక్కడే ఇవ్వాలి, సరుకు రూపంలో ఇవ్వాలి, డబ్బు రూపంలో కాదు. అరకిలో సకినాలు తూచాక పైన నాలుగు వేస్తే అది కొసరు. ఆ నాలుగింటికీ ఆమెకు ఆరు రూపాయలు ఖర్చయితే, నా చేతికి ఎనిమిది రూపాయల సరుకు వస్తుంది. డబ్బు తగ్గిస్తే ఎనిమిదికి ఎనిమిదీ ఆమె జేబులోంచే పోతుంది. కొసరుకు గడువు లేదు, లెక్క లేదు, నంబరు లేదు. పిల్లవాడు పక్కన ఉంటే వాడి చేతిలో ఒక పల్లి పట్టీ పెడితే, వాడు మళ్లీ ఆ దుకాణానికే లాక్కుపోతాడు. ఏ యాప్ చేస్తుంది ఆ పని?

ఇంకాస్త కట్టుదిట్టంగా కావాలంటే అట్టముక్క కార్డు చాలు. పదిసార్లు అరకిలో కొంటే పదకొండోసారి పావుకిలో ఉచితం. పది అరకిలోలకు కొన్నవాళ్లు కట్టేది రెండు వేలు, ఆమెకు మిగిలేది 500. ఉచితంగా ఇచ్చిన పావుకిలోకు ఖర్చు 75. ఇంకా 425 మిగులుతుంది. కొన్నవాళ్లకు వంద రూపాయల సరుకు, అంటే నూటికి ఐదు. పాయింట్ల దుకాణం ఇచ్చే ఒక్క రూపాయికి ఐదింతలు. ఆమెకు యాప్ రుసుము లేదు.

కార్డులోనూ మాయ లేకపోలేదు. 2006లో అమెరికాలో నూన్స్, డ్రేజ్ అనే ఇద్దరు పరిశోధకులు కార్లు కడిగేచోట మూడు వందల కార్డులు పంచి చేసిన పరీక్ష ఒకటి అచ్చయింది. సగం కార్డులకు ఎనిమిది ముద్రలు కావాలి. మిగతా సగానికి పది కావాలి, కానీ రెండు ముందే కొట్టి ఇచ్చారు. రెండింటిలోనూ కడిగించుకోవాల్సింది ఎనిమిదిసార్లే. అయినా ఎనిమిది ముద్రల కార్డు నూటికి పందొమ్మిది మంది నింపితే, రెండు ముందే కొట్టిన కార్డు నూటికి ముప్పై నాలుగు మంది నింపారు. మొదలుపెట్టిన పని మధ్యలో వదలబుద్ధి కాదు మనిషికి. పక్కింటి వదిన "ఇంకో పాతికే" అని నడిచిపోవడమూ ఇదే. అందుకే కార్డు పెట్టేవాళ్లకు నేను చెప్పేది, ముద్రలు నిజంగా నిండేలా పెట్టండి, గడువు పెట్టకండి. నిండని కార్డుకూ చిల్లి కుండకూ తేడా లేదు.

ఇప్పుడు రెఫరల్ కోడ్ల దగ్గరికి వద్దాం. 2017లో గూగుల్ వాళ్లు తేజ్ అనే పేరుతో డబ్బు పంపుకునే యాప్ తెచ్చినప్పుడు, ఒకరిని చేర్పిస్తే ఇద్దరికీ 51 రూపాయలు ఇచ్చారు. పెళ్లిళ్లలో కవరులో పెట్టే అంకె అది, తెలివైనవాళ్లు. ఇంట్లో అందరి ఫోన్లలోకీ అది మేనల్లుళ్లు, అల్లుళ్ల ద్వారా వచ్చింది. వాళ్ల దగ్గర పెట్టుబడి ఉంది, పంచారు. దాన్ని చూసి ఇప్పుడు స్వీటు షాపు వాళ్లు, కిరాణం వాళ్లు కోడ్లు ఇస్తున్నారు. మా బతుకమ్మ గ్రూపులో పాటలూ పూల ఫొటోలూ ఉండాల్సిన చోట "నా కోడ్ `AKKA50` కొట్టండి, మీకు యాభై, నాకు యాభై" అని మెసేజిలు.

లెక్క ఇందులోనూ ఉంది. ఇద్దరికీ యాభై అంటే దుకాణానికి వంద. కొత్తగా వచ్చినామె అరకిలో సకినాలు కొంటే మిగిలేది యాభై. అంటే మొదటి అమ్మకంలోనే యాభై నష్టం. ఆమె ఇంకోసారి అరకిలో కొంటే నష్టం తీరుతుంది, మూడోసారి నుంచి లాభం. కోడ్ కోసం వచ్చినవాళ్లు మూడోసారి వస్తారా? ఇంకో దుకాణం కోడ్ వచ్చేదాకా వస్తారు. పైగా ఒకే ఇంట్లో అత్త నంబరు, కోడలి నంబరు, కొడుకు నంబరు అని మూడు యాభైలు లాగేవాళ్లున్నారు. చిన్న దుకాణం దీన్ని పట్టుకోలేదు.

కానీ నాకు కోపం లెక్క గురించి కాదు. ఇన్నాళ్లూ మనం ఒకరికొకరం "ఆమె గరిజెలు బాగుంటయి, ఒకసారి తిని చూడు" అని చెప్పుకున్నాం. ఆ మాటకు విలువ ఎందుకుంది? చెప్పినామెకు అందులో ఏమీ రాదు కాబట్టి. ఇప్పుడు మా ఆడపడుచు ఫోన్ చేసి ఫలానా దుకాణం బాగుందంటే, బాగుండి చెప్తోందా, యాభై కోసం చెప్తోందా అని ఒక క్షణం ఆగుతున్నాను. ఆ క్షణం ఆగడం నాకు నచ్చడంలేదు. యాభై రూపాయలకు మా ఇద్దరి మధ్య మాటను కొనుక్కున్నారు. బాగా లేకపోతే ముఖం మీద చెప్పే స్వేచ్ఛ కూడా పోయింది, ఎందుకంటే నేను కోడ్ కొట్టాను, ఆమెకు డబ్బు పడింది.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మీరు చేర్పించినవాళ్లు ఇంకొకరిని చేర్పిస్తే అందులోనూ మీకు వాటా, ముందు చేరడానికి ఇంత కట్టాలి అని ఎవరైనా అంటే అది దుకాణం ఆఫరు కాదు, గొలుసుకట్టు. అలాంటివాటిని నిషేధిస్తూ 1978 నుంచే చట్టం ఉంది. గుర్తుపట్టడానికి ఒకటే ప్రశ్న: మీకొచ్చే డబ్బు సరుకు అమ్మితే వస్తోందా, మనుషులను చేరిస్తే వస్తోందా? రెండోదైతే, చెప్పేది సొంత వదినైనా సరే, వద్దనండి.

చివరగా ఫోన్ నంబరు. బిల్లు కోసం నంబరు తప్పనిసరి అని ఏ దుకాణమూ పట్టుబట్టకూడదని కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 మే నెలలోనే చెప్పింది. "నంబరు ఇవ్వను, బిల్లు ఇవ్వండి" అనే హక్కు మనకుంది. బిల్లే చేయనంటే 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వచ్చు. మెడికల్ షాపులో, చీరల కొట్టులో, సకినాల దుకాణంలో ఒకే నంబరు ఇస్తూ పోతే, మన ఇంట్లో ఎవరికి జబ్బో, ఎప్పుడు పెళ్లో మనకన్నా ముందు ఎవరెవరికో తెలుస్తుంది. ఆడపిల్లల నంబర్లయితే ఇంకా ఆలోచించాలి. కౌంటరు దగ్గర గట్టిగా చదివిన నంబరును వెనకాల నిలబడ్డవాడూ వింటాడు.

మా వీధి చివర ఆమె యాప్ పెట్టించుకోలేదు. పసుపుపచ్చ అట్ట కొని, కత్తెరతో కార్డులు కత్తిరించుకుంది. వాటి మీద పది గళ్లు గీసింది మా అమ్మాయే. సంతకం రాదు కాబట్టి గడిలో కుంకుమ బొట్టు పెడుతుంది ఆమె. బొట్టుకు దొంగ ఉంటాడా అని నవ్వుతుంది. ఉంటాడనే నేనన్నాను, అందుకే కార్డు వెనక వరస నంబరు వేయించి, ఏ నంబరుకు ఎన్ని బొట్లు పడ్డాయో సాయం వచ్చే అమ్మాయి చేత ఒక నోటుపుస్తకంలో గీతలు గీయిస్తున్నాం. మొన్న ఎవరో కార్డు పోగొట్టుకున్నామని వస్తే, నంబరు గుర్తులేకపోయినా మనిషిని చూసి "నీకు ఏడు పడ్డయి కదమ్మా" అని ఆమే చెప్పి, కొత్త కార్డు మీద ఏడు బొట్లు పెట్టి ఇచ్చింది.